విలువ అయిదు వందలు

ఆ రోజు మా ఆయన మల్లేశ్ వాకిట్లోకి రాగానే మంచినీళ్లు అడిగాడు. చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ముందు నీళ్లడగడం ఆయన అలవాటు. చెంబు అందిస్తే సగం తాగి పక్కన పెట్టి, మళ్లీ నీళ్లే కావాలన్నాడు. పార్సిల్ ఇంకా హైదరాబాద్ గోదాంలోనే ఉందట, అక్కడి నుంచి బయలుదేరినట్టు కంపెనీ వాళ్ల కంప్యూటర్లో కనిపించడం లేదట. ఆ మాట చెంబుకేసి చూస్తూ చెప్పాడు, నా వైపు చూడలేదు.

ఆ పార్సిల్‌లో ఉన్నది మా బిడ్డ అనూహ్య చెవి మిషన్. బిడ్డ పుట్టు చెవిటిది. సర్కారు పథకం కింద హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేసి, తల లోపల ఒక ముక్క పెట్టి, చెవి వెనక తగిలించుకునే మిషన్ ఇచ్చారు. తల మీద అయస్కాంతంలా అతుక్కునే బిళ్ల ఒకటి, దానికొక తీగ, తీగ చివర మిషన్. అది పెడితే బిడ్డకు లోకమంతా వినిపిస్తుంది. తీస్తే పెద్ద పిడుగు పడ్డా తెలియదు. ఆపరేషనూ, మొదటి మిషనూ సర్కారువే గానీ గ్యారంటీ గడువు దాటాక వచ్చే రిపేర్లు మావి. మిషన్‌లో గరగర మొదలైతే బెంగళూరు సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. రావాల్సిన పని లేదు, అందరూ కొరియర్‌లోనే పంపుతారు అన్నారు. మిషన్ ధర ఎంతో ఉత్తరం మీద రాసి నా ఫోన్‌కు పంపి, కొరియర్ వాళ్లకు అది చూపించి ఆ విలువే రాయించమన్నారు.

నేను మా ఆయనకు అచ్చం అలాగే చెప్పాను. ఉత్తరం ప్రింటు తీసి చేతిలో పెట్టాను కూడా. మా ఊరు పానగల్ నుంచి అందరం కలిసి నల్గొండ పోయాం. నేను కొరియర్ షాపు బయట నిలబడ్డాను, ఎందుకంటే మిషన్ చెవి నుంచి తీసేసరికి అనూహ్య నేల మీద పడి దొర్లుతోంది. ఆయనా, మా అత్తమ్మ గోపమ్మా లోపలికి పోయారు. లోపల జరిగింది ఆ నీళ్ల చెంబు రోజు దాకా నాకు తెలియదు. ఆ రోజు ఆయన నోట కక్కించాను.

ముందు మా అత్తమ్మ సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు. మాది గొర్ల మంద. ఆమె ఎన్నడూ మంద లెక్క నోటితో చెప్పదు. పశువుల డాక్టరు టీకాలు తెచ్చి ఎన్నున్నాయమ్మా అని అడిగితే "ఉన్నయి తియ్యి, నాలుగు" అంటుంది. దొడ్డి నిండా గొర్లు కిక్కిరిసి అరుస్తూ ఉంటాయి, ఈమె మాత్రం నాలుగే అంటుంది. డాక్టరు నవ్వుకుని దొడ్డి వాకిట నిలబడి తనే లెక్కపెట్టుకుంటాడు. మా మామ బీరన్న బతికుండగా ఒకసారి దారిన పోయేవాడెవడో అడిగితే ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పాడట. ఆ వానాకాలమే చిటుక రోగం వచ్చి సగం మంద పోయిందట. రోగం గడ్డి వల్ల వచ్చిందని డాక్టరు చెప్పినా, ఆమెకు మాత్రం అది ఆ దారినపోయేవాడి కళ్లలోంచి వచ్చింది. మాలో చాలా ఇళ్లల్లో ఇదే పద్ధతి. ఉన్నది చెబితే పోతుంది, తక్కువ చెబితే నిలుస్తుంది.

కౌంటర్ దగ్గర స్నేహలత అనే అమ్మాయి లోపల ఏముంది, విలువ ఎంత అని అడిగింది. విలువ రాయించి, దాని మీద నూటికి రెండు రూపాయల లెక్కన రిస్కు చార్జీ కడితే, వస్తువు పోయినప్పుడు ఆ విలువ దాకా నష్టం ఇస్తారనీ, లేకపోతే కంపెనీ ఇచ్చేదానికి ఒక హద్దు ఉంటుందనీ చెప్పింది. వెనక లైన్లో జనం ఉన్నారు. మా ఆయన జేబులోంచి ఉత్తరం తీయబోతుంటే మా అత్తమ్మ ఆయన కాలు తొక్కింది. ఇంతమందిలో మూడు లక్షల సొత్తు అని అరిస్తే వాళ్లలో ఎవడి కన్నయినా పడదా అని ఆమె భయం.

"పాత మిషన్ బిడ్డా. అయిదు వందలు రాసుకో," అంది.

స్నేహలత రాసుకుంది. మా ఆయన సంతకం పెట్టాడు. రసీదు చొక్కా జేబులో పెట్టుకుని, ఆ ఉత్తరం మడిచి దాని వెనకే పెట్టుకుని బయటికొచ్చి, అన్నీ అయిపోయినయి అన్నాడు. నేను నమ్మాను.

ఇదంతా చెప్పాక ఆయన నీళ్లు కూడా అడగలేదు. నేను ఎంత తిట్టానో నాకే గుర్తులేదు. మా అత్తమ్మ దొడ్డి దగ్గర కూర్చుని అంతా వింది, ఒక్క మాటా అనలేదు. ఆమె మాట్లాడకపోతే నాకు ఇంకా ఒళ్లు మండింది. కానీ ఆ మంట కింద ఉన్నది భయమే. సర్కారు మళ్లీ మిషన్ ఇవ్వదు. మాకు కొనే శక్తి లేదు. మిషన్ లేకపోతే బిడ్డ తల లోపల పెట్టిన ముక్క ఉత్త ఇనుము.

తరువాత రోజులన్నీ ఒకేలా గడిచాయి. కొరియర్ వాళ్లిచ్చిన నంబరు ఫోన్లో కొట్టి చూడటమే నా పని. జాకెట్లు కుట్టే మిషన్ ముందు కూర్చుని, ఒక కుట్టు వేసి ఒకసారి ఫోన్ చూసేదాన్ని. ఎప్పుడు చూసినా అదే మాట, హైదరాబాద్ గోదాంకు చేరింది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే పాట వచ్చేది, పాట అయ్యాక ఒక గొంతు వచ్చి వెతుకుతున్నాం అనేది.

అనూహ్య మొదట్లో పొద్దున లేవగానే చెవి వెనక తడుముకునేది. నా చేతులు విప్పి చూసేది, వాటిలో మిషన్ దాచానేమోనని. తరువాత తడుముకోవడం మానేసింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రెండేళ్లు కష్టపడి నేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే అరిగిపోతున్నాయి. మమ్మీ అన్న పిలుపు ముందు మెత్తబడింది, తర్వాత అందులో ఉత్త గాలి మిగిలింది. మాటలు నేర్పే టీచరమ్మను అడిగితే, మిషన్ లేకుండా ఎక్కువ కాలం ఉంచకండి, వెనక్కి పోతుంది అంది. ఎక్కడికి వెనక్కి పోతుందో నాకు తెలుసు. అది పుట్టిన మొదటి ఏళ్లు ఎలా గడిచాయో నేను చూసినదాన్నే. తలుపు ధడాలున కొట్టినా కన్ను ఆర్పని పసిదాని దగ్గర కూర్చుని ఏడ్చినదాన్ని.

ఒకరోజు పొద్దున మంద బయటికి పోతోంది. మా ఇంటికీ మేత బీడుకీ నడుమ బైపాసు రోడ్డు ఉంది. మా అత్తమ్మ ముందు నడుస్తూ మందను రోడ్డు దాటించింది. అనూహ్య ఎప్పుడు గేటు తీసుకుని పోయిందో నేను చూడలేదు. చివరి గొర్రెపిల్ల వెంట అది రోడ్డెక్కింది. పాల వ్యాన్ వస్తోంది, హారన్ కొడుతూనే ఉంది. గొర్రెపిల్ల చెంగున అవతలికి దూకింది. బిడ్డ నడిరోడ్డు మీద వంగి కిందపడ్డ చెప్పు తొడుక్కుంటోంది.

నేను పరుగెత్తుతూ దాని పేరు పెట్టి అరిచాను. అవతలి పక్క నుంచి మా అత్తమ్మ అరిచింది. ఊరి చివర తప్పిపోయిన గొర్రె కూడా విని తిరిగొచ్చే గొంతు ఆమెది. మంద మొత్తం ఆ అరుపుకు ఆగి వెనక్కి తిరిగింది. మా బిడ్డ ఒక్కతే తిరగలేదు.

వ్యాన్ డ్రైవర్ బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. బండి అడ్డంగా తిరిగి బిడ్డకు బెత్తెడు దూరంలో ఆగింది. అనూహ్య చెప్పు తొడుక్కుని లేచి, అంత దగ్గరగా బండి ఎందుకు నిలబడిందా అన్నట్టు చూసింది. నేను దాన్ని ఎత్తుకుని రోడ్డు పక్క కూలబడ్డాను. డ్రైవర్ మమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాడు, తిట్టనీ అనుకున్నాను. మా అత్తమ్మ వచ్చి కొంగుతో బిడ్డ మొహం తుడిచింది. మందను వదిలేసి ఆమె రావడం నేనెప్పుడూ చూడలేదు.

"నల్గొండ పోదాం నడువు. నేనే చెప్త," అంది.

ఆయనా, అత్తమ్మా, నేనూ ముగ్గురం పోయాం, బిడ్డను చంకన వేసుకుని. స్నేహలత మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. లోపలి గదిలో ఉన్న మేనేజర్ పరశురాం దగ్గరికి తీసుకుపోయింది. ఆయన మర్యాదగానే కూర్చోమన్నాడు. గోదాంలో అంతా వెతికారనీ, దొరకలేదనీ, పార్సిల్ పోయినట్టు ఆ పొద్దునే కాగితం వచ్చిందనీ చెప్పాడు. ఆ మాట కోసమే భయపడుతూ వచ్చినా, విన్నాక నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించలేదు. బిడ్డకు ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

మా అత్తమ్మ కూర్చోలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి, బయట లైన్లో ఉన్నవాళ్లకు కూడా వినపడేటట్టు చెప్పింది.

"అది అయిదు వందలది కాదు సారూ. మూడు లక్షల ఇరవై వేలది. గీ పిల్ల చెవులు అవి. ఆనాడు నేనే అబద్ధం చెప్పిన. ఇప్పుడు రాసుకో."

ఆమె నోట ఒక సొత్తు నిజం లెక్క నేను వినడం అదే మొదలు. మా ఆయన జేబులోంచి నలిగిపోయిన ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు.

పరశురాం ఉత్తరం చదివాడు. తరువాత రసీదు తిప్పి వెనక అచ్చేసిన సన్న అక్షరాలు చూపించాడు. రిస్కు చార్జీ కట్టని పార్సిల్ పోతే కంపెనీ బాధ్యత వెయ్యి రూపాయలు, లేదా పంపినవాళ్లు చెప్పిన విలువ, రెంటిలో ఏది తక్కువైతే అంత. చెప్పిన విలువ అయిదు వందలు గనుక వచ్చేది అయిదు వందలు.

"బుకింగ్ అయినంక విలువ మార్చరాదు పెద్దమ్మా," అన్నాడు. "ఆనాడు గీ కాగితం చూపించి, గీ విలువ రాయించి చార్జీ కట్టి ఉంటే, ఎంత నష్టమైతే అంత, రాయించిన విలువ దాకా అడిగే హక్కు మీకుండేది. పార్సిల్ పోయినంక చెప్తే అందరూ లక్షలనే చెప్తరు. అందుకే ముందుగాల అడుగుతరు."

నేను ఊరుకోలేకపోయాను. విలువ తక్కువ రాస్తే అంత తేలిగ్గా పారేస్తారా అని అడిగాను. ఆయన నిజమే చెప్పాడు, అందుకు ఇప్పటికీ ఆయన మీద నాకు పూర్తిగా కోపం రాదు. విలువ రాయించిన పార్సిళ్లు వేరే సంచిలో సీలు వేసి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి సంతకాల మీద పోతాయట. మిగతావి కుప్పలో పోతాయట. దొంగ కన్ను పడకూడదని మా అత్తమ్మ దాన్ని స్వయంగా కుప్పలో వేసింది. ఆమెకు అది అర్థమైనప్పుడు మొహం ఎలా అయిందో నేను చూడలేక తల తిప్పుకున్నాను.

పరశురాం ఒక కాగితం ముందుకు జరిపాడు. అయిదు వందలు ముట్టినవి, ఇక అడిగేదేమీ లేదు అని దానిమీద ఉంది. మా ఆయన పెన్ను అందుకున్నాడు. ఆయన చేతికి పెన్ను దొరికితే సంతకం ఆగదు. నేను లాక్కున్నాను. సంతకం పెట్టకుండా, నష్టం ఇంత అని మా రాతలో ఒక దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుని వచ్చాం. అక్కడి నుంచి నేరుగా ఒక వకీలమ్మ దగ్గరికి పోయాం. ఆమె రసీదు చూసి నిట్టూర్చింది. వినియోగదారుల కమిషన్లో కేసు వేయొచ్చు, పార్సిల్ పోగొట్టినందుకు సేవాలోపం అని అడగొచ్చు అంది. కానీ విలువ అడిగారు, మీరే చెప్పారు, సంతకం ఉంది, ఈ హద్దు దాటించడం కష్టం అని కూడా అంది. అది ఎప్పటికి తేలుతుందని అడిగితే చెప్పలేనంది. నా చంకలో బిడ్డ నిద్రపోతోంది. అది తేలేదాకా ఆగడానికి బిడ్డ మాటలు ఆగవు కదా.

ఆ సాయంత్రం మా అత్తమ్మ ఎవరితోనూ చెప్పకుండా బేరగాడికి కబురు పెట్టింది.

మర్నాడు బేరగాడు ట్రాలీ ఆటోలతో వచ్చాడు. మంద మొత్తమా అని రెండుసార్లు అడిగాడు. మొత్తమే అంది. లెక్క ఎంత అని అడిగాడు. మా ఆయన నావైపు చూశాడు. నాకు నిజంగా భయం వేసింది, ఎందుకో తెలియదు. ఆమె పద్ధతిని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో, ఆ క్షణం ఆమె నాలుగు అంటే బాగుండునని అంత కోరుకున్నాను.

ఆమె దొడ్డి వాకిట నిలబడి ఒక్కొక్క గొర్రె వీపు మీద చెయ్యి వేస్తూ బయటికి పంపింది. మొదటిదానికి "లాభం" అంది. ఒకటికి బదులు అలా అనడం మా దగ్గర లెక్క మొదలుపెట్టే తీరు. తరువాత రెండు, మూడు. గొంతు ఎక్కడా తగ్గించలేదు. ఆ వాడ వాడంతా వింది. పక్కనే నిలబడి, రోజూ మేతకు పోయేటప్పటిలాగే ఒక్కొక్కదాని చెవి పట్టుకుని వదులుతున్న అనూహ్యకు మాత్రం ఆ లెక్క వినపడలేదు.

ఆ పైకం, నా గాజులూ, మా ఆయనకు వాళ్లన్న సర్దిన డబ్బూ కలిపితే, పాతదాన్ని బాగుచేసి అమ్మే మిషన్ ఒకటి వచ్చింది. కొత్తదానికి చాలలేదు. బిడ్డ చెవికి సరిపోయే లెక్కలన్నీ బెంగళూరు కంప్యూటర్లో ఉన్నాయి గనుక వాటిని అందులో ఎక్కించి పంపుతామన్నారు. నేనే వచ్చి పట్టుకుపోతానంటే, తమ గోదాం నుంచి కొరియర్‌లోనే వస్తుందన్నారు. మా అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఇంగ్లీషూ కన్నడమూ కలిపి మాట్లాడే సర్వీస్ సెంటర్ అమ్మాయికి అచ్చ తెలుగులో, విలువ మొత్తం రాయాలనీ, ఒక్క రూపాయి కూడా తగ్గించొద్దనీ, చార్జీ మేమే ఇస్తామనీ చెప్పింది. అవతలి పిల్లకు ఎంత అర్థమైందో గానీ ఎస్ అమ్మా, ఎస్ అమ్మా అంది.

అది దారిలో ఉన్నన్నాళ్లూ నేను అన్నం సరిగా తినలేదు. మిషన్ బెంగళూరు దాటింది. హైదరాబాద్ చేరింది. అక్కడ మళ్లీ ఆగింది. ఒక పూటంతా అదే గోదాం పేరు ఫోన్లో కనిపిస్తూ ఉంటే, ఈసారి పోతే డబ్బు వస్తుందని మా ఆయన ధైర్యం చెప్పబోయాడు. నిజమే, వస్తుంది. కానీ పైసలు చేతికి వచ్చేలోపు బిడ్డ నోట ఇంకెన్ని మాటలు మిగులుతాయి? అమ్ముకోవడానికి ఇంకో మంద కూడా లేదు. ఆ పూట నేను కుట్టిన జాకెట్‌కు రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను.

సాయంత్రానికి కదిలింది. మర్నాడు కొరియర్ మనిషి వాకిట్లోకి వచ్చి, ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పమని, సీలు చూసుకోమని, సంతకం పెట్టమని అడిగాడు. డబ్బా మీద విలువ పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. మా అత్తమ్మ ఆ అంకెల మీద వేలు పెట్టి, ఎంత రాసి ఉందో చదవమని నన్ను అడిగింది. చదివాను. తలూపింది.

ఆ మరుసటి పొద్దున, మిషన్‌కు బ్యాటరీ నిండా ఎక్కాక, బిడ్డను దొడ్డి గేటు దగ్గరికి తీసుకుపోయాను. అలవాటు అలాంటిది. ఇంతకు ముందు రోజూ పొద్దున అక్కడే మిషన్ పెట్టేదాన్ని. పెట్టగానే మంద అరుపు చెవిలో పడి అది పకపకా నవ్వేది. బిళ్ల తల మీద టక్కున అతుక్కుంది. పచ్చ లైటు వెలిగింది.

అనూహ్య దొడ్డి వైపు తిరిగి నిలబడింది. కొంచెంసేపు చూసింది. నవ్వలేదు. బిళ్ల తీసి మళ్లీ పెట్టుకుంది. చెవి వెనక వేలితో తట్టుకుంది. తరువాత నావైపు తిరిగి, అరిగిపోయిన మాటలను ఏరుకుంటూ అంది.

"మమ్మీ, మిషన్ పని చేస్తలేదు."

బ్యాటరీ విప్పాను, పెట్టాను. లైటు వెలుగుతూనే ఉంది. లెక్కలు తప్పు ఎక్కించారా, లోపలి ముక్కే చెడిందా, దీన్ని మళ్లీ పంపాలా, ఎన్ని భయాలు రావాలో అన్నీ వచ్చాయి. ఆయన్ని కేకేయబోయాను.

గోడకు ఆనుకుని కూర్చున్న మా అత్తమ్మకు నాకంటే ముందే అర్థమైంది. ఖాళీ దొడ్డి వైపు చూసింది. బిడ్డ వీపు వెనక నుంచి, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"పని చేస్తాంది బిడ్డా."

అనూహ్య గిర్రున వెనక్కి తిరిగింది. నేను గేటు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

"మరి గొర్లు?" అంది బిడ్డ.

"లేవు. అమ్మినం."

"ఎన్ని?"

మిషన్ పోకముందే బడిలో అంకెలు నేర్పారు దానికి, ఏది చూసినా ఎన్ని అనే అడిగేది. మా అత్తమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. లెక్క మొత్తం చెప్పింది. నాలుగు అనలేదు.